పాత క్లయింట్‌కు ఏఎంసీ రెన్యువల్ మెయిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడలో చిన్న సర్వీస్ సంస్థ. కాలేజీలు, నర్సింగ్ హోమ్‌లు, ఆఫీసుల్లో కంప్యూటర్లు, యూపీఎస్‌లు ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అంటే ఏఎంసీ మీద చూసుకుంటాం. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి రెన్యువల్ మెయిల్స్ రాసే పని పడుతుంది. ఇదే లైన్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ మెయిల్ గురించి నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. అన్నిటికీ ఒకే ఉదాహరణ వాడుతున్నాను. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ, ఆరేళ్లుగా మా క్లయింట్. పాత కాంట్రాక్టు 2026 మార్చి 31తో అయిపోతుంది. అంకెలు లెక్క సులువుగా తెలియడానికి కొంచెం సర్ది రాశాను.

మెయిల్ ఎన్ని రోజుల ముందు పంపాలి?

ముందు పాత అగ్రిమెంట్ తీసి చదవండి. రేటు మార్చాలంటే గడువుకు 30 రోజుల ముందో, 60 రోజుల ముందో రాతపూర్వకంగా చెప్పాలని అందులో ఉండొచ్చు. అలా ఉన్నప్పుడు ఆ తేదీ దాటితే ఈ ఏడాదికి పాత రేటే అని క్లయింట్ అంటే మన దగ్గర జవాబు ఉండదు.

అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే నేను 50 రోజుల ముందు పంపుతాను. ఈ కాలేజీకి ఫిబ్రవరి 10న పంపాం. కారణం, అక్కడ డబ్బు విషయం ఏదైనా కమిటీ మీటింగ్‌లోకి వెళ్లాలి, ఆ మీటింగ్ నెలకు ఒక్కసారే. ఫిబ్రవరి మీటింగ్‌లో తేలకపోయినా మార్చి మొదటి వారం మీటింగ్ ఇంకా చేతిలో ఉంటుంది. మార్చి 15 తర్వాత మెయిల్ పంపితే ఇయర్ ఎండింగ్ పనుల్లో, ఉగాది సెలవుల్లో అది కొట్టుకుపోతుంది.

ఆరేళ్ల పరిచయం ఉన్నప్పుడు నేరుగా మెయిల్ పంపితే బాగుంటుందా?

బాగుండదు. ముందు ఫోన్ చేయాలి. రోజూ "ఏమండీ, బాగున్నారా" అని పలకరించుకునే మనిషికి ఒక ఉదయం ఉన్నట్టుండి కొత్త రేట్ల కాగితం వస్తే, అందులో అంకె ఎంతున్నా మనసు కష్టపెట్టుకుంటారు. నేను కరస్పాండెంట్ గారికి ఫోన్ చేసి రెండు ముక్కలే చెప్పాను. "సార్, మార్చితో మన ఏఎంసీ అయిపోతోంది. కొత్త ల్యాబ్ సిస్టమ్స్ కూడా కలిపి రేపు మెయిల్ పెడుతున్నాను, రేటు కొంచెం మారుతుంది, వివరంగా రాస్తాను" అన్నాను. "పెట్టండి, చూద్దాం" అన్నారు ఆయన. అంతే చాలు. ఫోన్‌లో అంకె చెప్పను. చెబితే బేరం అక్కడే మొదలవుతుంది, లెక్క చూపించే అవకాశం పోతుంది.

ఫీజు పెరిగిందని ఎలా రాయాలి?

మెయిల్‌లో ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే కాబట్టి లెక్క మొత్తం చెబుతాను.

పాత కాంట్రాక్టులో 60 కంప్యూటర్లు, ఒక్కోదానికి ఏడాదికి రూ. 2,000. అంటే రూ. 1,20,000. సర్వర్, యూపీఎస్‌లకు కలిపి రూ. 24,000. మొత్తం రూ. 1,44,000. మధ్యలో కాలేజీ 20 సిస్టమ్స్‌తో కొత్త ల్యాబ్ పెట్టింది. మనం మొహమాటానికి వాటిని కూడా చూస్తూ వచ్చాం. ఇప్పుడు కంప్యూటర్ రేటు రూ. 2,150 చేశాం. 80 కంప్యూటర్లకు రూ. 1,72,000, సర్వర్, యూపీఎస్‌లకు రూ. 26,000, మొత్తం రూ. 1,98,000.

ఈ రెండు మొత్తాలే పక్కపక్కన రాస్తే క్లయింట్ కంటికి కనబడేది ఒక్కటే: రూ. 54,000 పెరిగింది, అంటే ముప్పై ఏడున్నర శాతం. కమిటీలో ఎవరో ఒకరు "ఇంత పెంచుతారా, వేరే వాళ్లను చూడండి" అంటారు. అనడంలో తప్పు లేదు, మనం రాసిన తీరు అలాగే ఉంది మరి.

అందుకని మధ్యలో ఇంకో అంకె పెట్టాలి. పాత రేటు మీదే 80 కంప్యూటర్లు చూస్తే ఎంత? రూ. 1,60,000, దానికి పాత రూ. 24,000 కలిపితే రూ. 1,84,000. అంటే పెరిగిన 54 వేలలో 40 వేలు కొత్త ల్యాబ్ వల్ల వచ్చింది. రేటు పెంచడం వల్ల వచ్చింది 14 వేలే, ఏడున్నర శాతం చిల్లర. ఈ మూడు అంకెలు ఒకదాని కింద ఒకటి కనబడితే చదివేవాళ్లకు వాదించే విషయం 54 వేల నుంచి 14 వేలకు దిగుతుంది. ఆ 14 వేలకు కారణం ఒక్క వాక్యంలో రాయండి. మేము రాసింది: రెండేళ్లుగా రేటు మార్చలేదు, ఈలోగా టెక్నీషియన్ల జీతాలు, విజయవాడ నుంచి గుంటూరుకు రాకపోకల ఖర్చు పెరిగాయి. పెట్రోల్ ధర, రూపాయి విలువ, ప్రపంచ పరిస్థితులు అంటూ పేరా రాస్తే సంజాయిషీలా ఉంటుంది.

"రేట్లు స్వల్పంగా సవరించాం, వివరాలకు అటాచ్‌మెంట్ చూడగలరు" అని మాత్రం రాయకండి. కొన్నేళ్ల క్రితం ఒక నర్సింగ్ హోమ్‌కు నేను సరిగ్గా అలాగే రాశాను. డాక్టరు గారు మెయిల్ చూసి "ఓకే" అన్నారు, అటాచ్‌మెంట్ ఎవరూ తెరవలేదు. కొత్త రేటుతో మొదటి బిల్లు వెళ్లగానే వాళ్ల అకౌంటెంట్ ఆపేశాడు. ఆ డబ్బు చేతికి రావడానికి మూడు నెలలు తిరిగాను. తప్పు నాదే. అంకె మెయిల్‌లోనే ఉండాలి.

జీఎస్టీ కలిపి చెప్పాలా, విడిగానా?

రెండూ రాయండి. అయితే ఏది ముందు రాయాలన్నది క్లయింట్‌ను బట్టి ఉంటుంది. ఈ సర్వీసు మీద జీఎస్టీ 18 శాతం. పైపులు తయారు చేసే ఫ్యాక్టరీ అనుకోండి, ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటుంది కాబట్టి వాళ్లు చూసేది పన్నుకు ముందు అంకె. కాలేజీ సంగతి అలా కాదు. చదువు చెప్పే సేవ మీద జీఎస్టీ లేదు కాబట్టి, మనకు కట్టిన జీఎస్టీని వాళ్లు ఎక్కడా సర్దుబాటు చేసుకోలేరు. వాళ్లకు అది నికరంగా ఖర్చే. అందుకని కాలేజీ మెయిల్‌లో రూ. 1,98,000 పక్కనే జీఎస్టీ రూ. 35,640, మొత్తం రూ. 2,33,640 అని రాశాం. మూడు నెలలకోసారి కట్టేది రూ. 58,410. కమిటీ బడ్జెట్‌లో రాసుకునేది ఆ అంకెనే.

టీడీఎస్, అంటే క్లయింట్ మన బిల్లులోంచి ముందే కోసుకునే ఆదాయపు పన్ను గురించి మెయిల్‌లో పేజీలు అక్కర్లేదు. బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే, దాన్ని వదిలేసి మిగతా మొత్తం మీదే టీడీఎస్ కోయాలి. మాది పార్ట్‌నర్‌షిప్ సంస్థ కాబట్టి మామూలు మెయింటెనెన్స్ కాంట్రాక్టుకు 2 శాతం. మూడు నెలల బిల్లులో జీఎస్టీ కాకుండా ఉండే రూ. 49,500 మీద రూ. 990. అకౌంటెంట్ మొత్తం బిల్లు మీద కోస్తే అప్పుడు గుర్తు చేస్తే సరిపోతుంది.

మారిన షరతులన్నీ మెయిల్‌లో రాయాలా?

డబ్బును, బాధ్యతను మార్చే ప్రతి షరతూ రాయాలి. భాష సవరించినవి, చిరునామా మారినవి రాయనక్కర్లేదు. "ఇవి తప్ప మిగతా షరతులన్నీ పాతవే" అని చివర ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాశాక అది నిజమై ఉండాలి. చెప్పకుండా అగ్రిమెంట్ లోపల ఏదైనా మార్చి, అది రేపు బయటపడితే ఆరేళ్ల నమ్మకం ఒక్కరోజులో పోతుంది.

ప్రతి షరతుకూ ఇంతకుముందు ఎలా ఉంది, ఇకమీద ఎలా ఉంటుంది, ఎందుకు అన్న మూడూ చెప్పాలి. ఈ కాలేజీకి మూడు మార్పులు ఉన్నాయి.

మొదటిది విండోస్ 10 సంగతి. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్‌ను 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకు విడిగా నమోదు చేయించుకుంటే తప్ప సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. విండోస్ 11 వేద్దామంటే అన్ని మెషీన్లూ పనికిరావు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైవి కావాలి. మేము వెళ్లి ఒక్కో సిస్టమ్ చూస్తే 80లో 22 అప్‌గ్రేడ్ కానివి. పాత అగ్రిమెంట్‌లో వైరస్ వస్తే క్లీన్ చేసే బాధ్యత మొత్తం మాదే. ఇప్పుడు ఆ 22 సిస్టమ్స్‌కు మామూలు రిపేర్లు చేస్తాం కానీ, వైరస్ వల్ల డేటా పోతే బాధ్యత తీసుకోలేం. ఊరికే "పాత సిస్టమ్స్ మినహాయింపు" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, రేపు ఏ సిస్టమ్ పాతదన్న దగ్గర గొడవ వస్తుంది. సీరియల్ నంబర్లతో ఆ 22 సిస్టమ్స్ లిస్టు జత చేశాం.

రెండోది యూపీఎస్ బ్యాటరీలు. మాది కాంప్రహెన్సివ్ ఏఎంసీ, పార్టులు కూడా మనమే వేస్తాం. పాత అగ్రిమెంట్ రాసినవాళ్లు బ్యాటరీల మాటే ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి అవి కూడా పార్టులేనని కాలేజీ అనుకుంది, అలా అనుకోవడం న్యాయమే. బ్యాటరీ మూడేళ్లకు అటూ ఇటూ అరిగిపోయే వస్తువు, దాన్ని ఏఎంసీ రేటులో భరించలేం. ఈసారి బ్యాటరీలు, ప్రింటర్ హెడ్‌లు, నీళ్లు పడి లేదా ఎలుకలు కొరికి పాడైనవి రేటులో లేవని పేర్లతో సహా రాశాం. దానికి బదులుగా పరీక్షల రోజుల్లో ఫోన్ వచ్చిన నాలుగు గంటల్లో మనిషిని పంపుతామని కలిపాం. ఒకటి తీసుకుంటున్నప్పుడు ఒకటి ఇవ్వడం న్యాయం, పైగా కాలేజీకి నిజంగా టెన్షన్ ఉండేది ఆ రోజుల్లోనే.

మూడోది పేమెంట్ గడువు. పాతది 60 రోజులు, కొత్తది 30. మన సంస్థకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి, సూక్ష్మ లేదా చిన్న సంస్థ కిందకు వస్తే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులకు మించకూడదు. రాతలో గడువు లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతలు చక్రవడ్డీ అడగొచ్చు. ఇదంతా మీరు తెలుసుకుని ఉండండి. మెయిల్‌లో మాత్రం వడ్డీ మాట రాయకండి, పాత క్లయింట్‌కు అది బెదిరింపులా వినబడుతుంది.

మొత్తం మెయిల్ ఎలా ఉంటుందో చూపిస్తారా?

మేము పంపింది, సంస్థ పేర్లు తీసేసి:

> విషయం: ఏఎంసీ రెన్యువల్ 2026-27 – కొత్త రేట్లు, మారిన షరతులు – సంతకానికి గడువు మార్చి 16
>
> కరస్పాండెంట్ గారికి నమస్కారం.
>
> నిన్న ఫోన్‌లో చెప్పిన ప్రకారం రెన్యువల్ వివరాలు పంపుతున్నాను. ప్రస్తుత ఏఎంసీ 2026 మార్చి 31తో ముగుస్తుంది. కొత్తది ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు.
>
> ఫీజు (జీఎస్టీ కాకుండా)
> ప్రస్తుతం, 60 సిస్టమ్స్: రూ. 1,44,000
> ఇవే రేట్లతో 80 సిస్టమ్స్‌కు: రూ. 1,84,000
> కొత్త రేట్లతో 80 సిస్టమ్స్‌కు: రూ. 1,98,000
> జీఎస్టీ 18 శాతం రూ. 35,640 కలిపి ఏడాదికి రూ. 2,33,640. మూడు నెలలకు రూ. 58,410.
>
> కంప్యూటర్ రేటు రూ. 2,000 నుంచి రూ. 2,150కి, సర్వర్, యూపీఎస్‌ల రేటు రూ. 24,000 నుంచి రూ. 26,000కి మారింది. రెండేళ్లుగా రేటు మార్చలేదు. ఈలోగా టెక్నీషియన్ల జీతాలు, రాకపోకల ఖర్చు పెరిగాయి.
>
> మారిన షరతులు
> 1. విండోస్ 11కు మారలేని 22 సిస్టమ్స్‌కు రిపేర్లు యథాతథం. వైరస్ వల్ల డేటా పోతే మా బాధ్యత ఉండదు. లిస్టు జత చేశాను.
> 2. యూపీఎస్ బ్యాటరీలు, ప్రింటర్ హెడ్‌లు, నీళ్లు, ఎలుకల వల్ల పాడైనవి రేటులో లేవు. అవసరమైతే ముందే ధర చెప్పి, మీరు సరేనన్నాకే వేస్తాం.
> 3. పరీక్షల రోజుల్లో ఫోన్ చేసిన నాలుగు గంటల్లో మా మనిషి వస్తాడు. ఇది కొత్తగా కలిపింది.
> 4. బిల్లు అందిన 30 రోజుల్లో పేమెంట్. ఇంతకుముందు 60 రోజులు.
> ఇవి తప్ప మిగతా షరతులన్నీ పాతవే.
>
> మీరు చేయవలసింది: జత చేసిన అగ్రిమెంట్‌లో 4వ పేజీలో సంతకం, సీల్ వేసి మార్చి 16, సోమవారం సాయంత్రం 5 గంటల లోపు పంపగలరు. పై రేట్లు ఆ తేదీ వరకే వర్తిస్తాయి. రెండు వైపులా సంతకాలు అయ్యాకే కొత్త కాంట్రాక్టు అమల్లోకి వస్తుంది. అగ్రిమెంట్ లేకుండా ఏప్రిల్ 1 తర్వాత వచ్చే కాల్స్‌కు విజిట్‌కు రూ. 600, జీఎస్టీ, పార్టుల ధర అదనం.
>
> ఏదైనా సందేహం ఉంటే ఫోన్ చేయండి. కమిటీ మీటింగ్‌కు నన్ను రమ్మన్నా వస్తాను.

ఆరేళ్ల అనుబంధం గురించి మెయిల్‌లో పేరా రాయలేదు. అది ఫోన్‌లో చెప్పే మాట. ఈ మెయిల్ కమిటీలో పదిమంది చేతుల్లోకి వెళ్తుంది, వాళ్లకు కావాల్సింది అంకె, తేదీ.

కాంట్రాక్టు 31 వరకు ఉంటే సంతకం గడువు 16 ఎందుకు?

ఉగాది 19న. దాని తర్వాత శ్రీరామనవమి, ఆ వెంటనే ఇయర్ ఎండింగ్. 31 అని రాస్తే 31 సాయంత్రం గుర్తుకొస్తుంది. 16 అని రాస్తే, రెండు సార్లు గుర్తు చేయడానికీ, కమిటీ ఒక మాట మార్చమంటే మార్చి మళ్లీ పంపడానికీ సమయం ఉంటుంది. తేదీ పక్కన వారం పేరు, గంట కూడా రాయండి. "వీలైనంత త్వరగా" అనేది గడువు కాదు.

క్లయింట్ "ఓకే అండి, కానివ్వండి" అని రిప్లై ఇస్తే సరిపోతుందా?

చట్టం ప్రకారం చాలాసార్లు సరిపోతుంది. ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ మార్గంలో కుదిరిన ఒప్పందాలను ఒప్పుకుంటుంది. 2010లో ట్రైమెక్స్, వేదాంత కేసులో సుప్రీంకోర్టు కూడా, ముఖ్యమైన విషయాలన్నీ మెయిల్స్‌లో తేలిపోయాక లాంఛనంగా అగ్రిమెంట్ రాసుకోకపోయినా ఒప్పందం కుదిరినట్టేనని చెప్పింది. ఇది మనకూ వర్తిస్తుంది. మెయిల్‌లో పొరపాటున రూ. 2,150 బదులు రూ. 1,250 అని టైపు చేసి, అవతలివాళ్లు "ఓకే" అంటే ఇరుక్కునేది మనమే. సంతకాలు అయ్యాకే అమల్లోకి వస్తుందన్న వాక్యం అందుకే పెట్టాం.

రిప్లై రాకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలుగా తీసుకోకండి. "గడువులోగా జవాబు రాకపోతే మీరు అంగీకరించినట్టే" అని కొందరు రాస్తారు. మన కాంట్రాక్టు చట్టంలో మౌనం ఒప్పుకోలు కాదు, పాత క్లయింట్ దగ్గర అది మర్యాదా కాదు.

"ఓకే, కానీ రూ. 2,050 చేయండి" అంటే?

అది ఒప్పుకోలు కాదు, కొత్త ప్రతిపాదన. ఫోన్‌లో తేల్చుకుని, తేలిన అంకెతో మెయిల్ మళ్లీ పంపండి. పాత మెయిల్ కిందే "సరే" అంటే రేపు ఏ అంకెకు సరే అన్నామో తెలియదు.

ఈ కాలేజీ అడిగింది కూడా అదే. "ఎన్నాళ్ల నుంచో ఉన్నాం కదండీ, మనలో మనకు ఎందుకు, రెండు వేల యాభై చేయండి" అన్నారు కరస్పాండెంట్ గారు. 80 సిస్టమ్స్ మీద వంద రూపాయలంటే ఎనిమిది వేలు. రేటు దించితే వచ్చే ఏడాది బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకని రేటు ముట్టుకోలేదు. మూలన పడి ఉన్న ఆరు పాత సిస్టమ్స్ ఎవరూ వాడట్లేదని మా టెక్నీషియన్ చెప్పాడు. వాటిని లిస్టులోంచి తీసేద్దామన్నాను. ఆరు సిస్టమ్స్‌కు రూ. 12,900 తగ్గింది, ఆయన అడిగినదానికన్నా ఎక్కువే. మేము చూడాల్సిన మెషీన్లు కూడా తగ్గాయి. ఆ ఆరూ 22 లిస్టులోవే కాబట్టి ఆ లిస్టు కూడా 16కు మార్చి, రూ. 1,85,100తో కొత్త మెయిల్, కొత్త అగ్రిమెంట్ పంపాం.

మెయిల్ ఎవరికి పంపాలి?

సంతకం పెట్టే మనిషికి. కాపీలో అకౌంటెంట్, ల్యాబ్ ఇన్‌ఛార్జి ఉండాలి. బిల్లు ఆపేది అకౌంటెంట్, బ్యాటరీ అడిగేది ల్యాబ్ ఇన్‌ఛార్జి, ఇద్దరికీ కొత్త షరతులు ఒకే రోజు తెలియాలి.

తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు, చెల్లుతుంది. మా అగ్రిమెంట్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, మెయిల్ క్లయింట్‌ను బట్టి. రెండు భాషలు వాడినప్పుడు, తేడా వస్తే ఏది ప్రమాణమో అగ్రిమెంట్‌లో ఒక వాక్యం ఉండాలి.

గడువు దాటిపోయింది. ఏప్రిల్ 1న "సర్వర్ ఆన్ కావట్లేదు" అని ఫోన్ వస్తే ఏం చేయాలి?

వెళ్లండి. పని ఆగిపోయిన పాత క్లయింట్‌ను సంతకం లేదని వదిలేయకూడదు. బయల్దేరే ముందు మాత్రం ఒక మెయిల్ పెట్టండి: "కొత్త అగ్రిమెంట్ ఇంకా అందలేదు కాబట్టి ఈ విజిట్ ఫిబ్రవరి 10 మెయిల్‌లో చెప్పిన విడి రేటు మీద చేస్తున్నాం. ఈ వారంలో అగ్రిమెంట్ వస్తే దీన్ని ఏఎంసీలో సర్దుబాటు చేస్తాం." ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పనిని అవతలివాళ్లు వాడుకుంటే దానికి తగిన డబ్బు అడిగే హక్కు కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఇస్తుంది. కానీ రేటు ముందే రాతలో ఉంటే అంతదూరం వెళ్లే పని ఉండదు. ఆ మెయిల్ లేకుండా రెండు మూడు విజిట్లు చేశామా, పాత కాంట్రాక్టే నడుస్తోందని వాళ్లు అనుకుంటారు, మే నెలలో కొత్త రేటుతో బిల్లు పంపినప్పుడు మళ్లీ మొదటికొస్తాం.